పావు పళ్లెం అన్నం అంటే ఎంత?

మాది రాజాం దగ్గర పల్లెటూరు. నాన్నకి షుగర్, మాత్రలే వాడతారు. మధ్యాహ్నం మూడు పోర్షన్లు, అంటే 45 గ్రాముల కార్బోహైడ్రేట్ చాలని డైటీషియన్ చెప్పారు. పళ్లెంలో సగం కూరలు, పావు పప్పో చేపో, పావు అన్నం. ఆ లెక్క 9 అంగుళాల పళ్లేనికట. మా స్టీలు కంచం 12 అంగుళాలు, పైగా నాన్న అన్నం గుట్టగా పెట్టుకుంటారు! కప్పుతో కొలిస్తే ఆ పావులోనే కప్పున్నర పట్టింది, అంటే నాలుగున్నర పోర్షన్లు.

ఇప్పుడు అన్నం ముప్పావు కప్పుకి కాస్త తక్కువగా, రెండు పోర్షన్లు పెట్టి, మూడోదిగా ఒక చపాతీ వేస్తున్నాను. కానీ 20 గ్రాముల పిండితో చేసిన చిన్న చపాతీయే ఒక పోర్షన్ అంటున్నారు. అమ్మ ఒత్తేది 40 గ్రాములుంది. దాన్ని రెండుగా లెక్కెయ్యాలా? సగం అరటిపండు సాయంత్రానికి మార్చాను, సరేనా? పప్పునీ లెక్కలో కలపాలా?