మా అబ్బాయి చాటింగు స్క్రీన్‌షాట్ నా చేతికి వచ్చింది: ఉత్తరం ఇవ్వాలా, ఫోను తీసుకోవాలా?

బైరాగిపట్టెడ తల్లి (తిరుపతి): మా అబ్బాయికి 15 ఏళ్లు, పదో తరగతి చదువుతున్నాడు. వాడి స్నేహితుని తల్లి ఈ సాయంత్రం నాకు ఒక స్క్రీన్‌షాట్ పంపారు. అమ్మాయి పేరుతో ఉన్న ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఒకటి, రేపు రాత్రి 9 గంటలలోపు 5,000 పంపకపోతే వీడియో కాల్ రికార్డింగు వీడి ఫాలోవర్లందరికీ వెళుతుందని బెదిరిస్తోంది. వీడు "మా అమ్మకు తెలిస్తే చచ్చిపోతాను" అని బదులిచ్చాడు. అందులో ఫొటోలేమీ లేవు. దిండు కింద పెట్టడానికి ఈ ఉత్తరం రాశాను: "నాన్నా, నీ చాటింగు చూశాను. ఎందుకిలా చేశావు? మన ఇంటి పరువు గురించి ఒక్కసారైనా ఆలోచించావా? అయినా నిన్ను కొట్టను, తిట్టను. ఈ సంగతి ఎవ్వరికీ చెప్పనని మాట ఇస్తున్నాను. ఇక ఆ ఫోను ముట్టుకోకు." ఇది సరైన దారేనా?

చిత్తూరు తండ్రి: అమ్మా, ఇది ఉత్తరాలు రాసే సమయం కాదు. ఒక్క రూపాయి కూడా పంపనివ్వకండి. ఈ రాత్రే ఫోను తీసుకుని ఆ ఖాతాను పూర్తిగా తొలగించండి, బెదిరించేవాడికి దారి మూసుకుపోతుంది. పోలీసుల దాకా వెళ్లడం వృథా. ఆడపిల్లలకైతే చట్టం ఉంది, మగపిల్లవాడి మాట ఎవరు వింటారు?

రిటైర్డ్ ఉపాధ్యాయుడు: అబ్బాయి చేత ముందుగా ఆ అమ్మాయి తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పించండి. ఈ వయసులో హద్దు తెలియజేయకపోతే రేపు మరొకరిని వేధిస్తాడు.

బైరాగిపట్టెడ తల్లి: మాస్టారూ, మా వాడు ఎవరినీ వేధించలేదు, వాడినే బెదిరిస్తున్నారు. ఆ పేరు వెనుక అమ్మాయి ఉందో లేదో కూడా మాకు తెలియదు.

పలమనేరు మేనత్త: మా అన్న కొడుకు విషయంలో ఇదే జరిగింది. మొదట 3,000 అడిగారు, మా వదిన భయపడి పంపింది. మరుసటి రోజు 7,000 అడిగారు. డబ్బు పంపితే పీడ వదలదు, ఈ ఇంట్లో డబ్బు వస్తుందని వాళ్లకు తెలుస్తుంది. మేము కోపంలో పిల్లవాడి ఫోనునూ ఖాతానూ తీసేశాము. తరువాత ఫిర్యాదు చేద్దామంటే ఆ ఖాతా పేరు కూడా మా దగ్గర మిగలలేదు. వాడు మాతో సరిగ్గా మాట్లాడటానికి ఆరు నెలలు పట్టింది.

బడి కౌన్సిలర్ (తిరుపతి): చిత్తూరు అన్నగారు డబ్బు విషయంలో చెప్పింది నిజం, ఖాతా తొలగించమనడం మాత్రం ప్రమాదం. మేనత్తగారి అనుభవమే అందుకు సాక్ష్యం. పోక్సో చట్టం 2012 ప్రకారం 18 ఏళ్లలోపు వారు ఆడపిల్లలైనా మగపిల్లలైనా బాధితులే. వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, పిల్లవాడి పేరు పత్రికల్లో రాకూడదు.

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది "ఎవ్వరికీ చెప్పను" అన్న వాక్యం. ఇలాంటి నేరం తెలిసినవారు దాన్ని తెలియజేయాలని అదే చట్టం చెబుతుంది. రేపు మీరు పోలీసులకో, వాడి నాన్నకో చెప్పవలసి వస్తే, వాడికి ఇచ్చిన మొదటి మాటే తప్పినట్లవుతుంది. దాని బదులు "నీకు ముందు చెప్పకుండా ఎవరికీ చెప్పను" అని రాయండి. అది మీరు నిలబెట్టుకోగల మాట. "ఎందుకిలా చేశావు" అన్నది ప్రశ్నలా ఉన్నా, పిల్లలకు అది తీర్పులాగే వినిపిస్తుంది. పరువు మాట పూర్తిగా తీసేయండి, ఎందుకంటే బెదిరించేవాడు వాడుతున్న ఆయుధం కూడా అదే. ఫోను ముట్టుకోవద్దంటే, నిజం చెప్పినందుకు శిక్ష పడిందని వాడికి అర్థమవుతుంది. పైగా ఆధారాలన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయి.

ఉత్తరాన్ని దిండు కింద పెట్టవద్దు. వాడు "చచ్చిపోతాను" అన్నది మాటవరసకో నిజంగానో మనకు తెలియదు. ఆ మాట రాసిన పిల్లవాడు అర్ధరాత్రి ఒంటరిగా ఆ కాగితం చదవకూడదు. చేతికిచ్చి, చదివేదాకా అదే గదిలో కూర్చోండి. తరువాత "చనిపోవాలని నిజంగా అనిపించిందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునన్నా, సందేహంగా ఉన్నా రాత్రంతా వాడిని ఒంటరిగా వదలకండి. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు.

వాడు మాట్లాడటం మొదలుపెట్టాక, మీ ఫోనుతో వాడి ఫోను తెరను ఫొటోలు తీయండి. బెదిరింపు సందేశాలు, ఖాతా యూజర్‌నేము, ప్రొఫైల్ లింకు, డబ్బు అడిగిన యూపీఐ ఐడీ అన్నీ అందులో రావాలి. పైకి కనిపించే పేరు ఎప్పుడైనా మార్చుకోగలరు, పంపిన సందేశాలను వెనక్కి తీసుకోగలరు, అందుకే ఈ పని ముందు జరగాలి. వాడి నగ్న దృశ్యం ఏదైనా అందులో ఉంటే దానిని మాత్రం ఫొటో తీయవద్దు, సహాయం కోసమైనా ఎవరికీ పంపవద్దు. ఆ తరువాతే ఖాతాను రిపోర్టు చేసి, బ్లాక్ చేసి, cybercrime.gov.in లో పిల్లలపై నేరాల విభాగంలో ఫిర్యాదు పెట్టండి. ఇప్పటికే డబ్బు వెళ్లి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930 కు ఫోను చేయాలి.

చిత్తూరు తండ్రి: ఖాతా తొలగించమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ రికార్డింగు వాళ్ల దగ్గరే ఉంది కదా. బ్లాక్ చేసినంత మాత్రాన అది బయటకు రాదని ఎలా చెప్పగలం?

బడి కౌన్సిలర్ (తిరుపతి): చెప్పలేము, అబ్బాయికి కూడా అలా హామీ ఇవ్వకూడదు. takeitdown.ncmec.org అనే సేవ ఒకటి ఉంది. ఫైలును ఎక్కడికీ పంపకుండానే దానికి ఒక గుర్తు తయారుచేసి, తమతో చేరిన వేదికలకు ఇస్తుంది. ఆ దృశ్యం అక్కడ కనబడితే తొలగించడానికి అది ఉపయోగపడుతుంది. అయితే ఫైలు మీ దగ్గర ఉండాలి. బెదిరించేవారు నమ్మించడానికి తరచుగా ఒక ముక్కను చాటింగులో పంపుతారు, అది ఉంటే ప్రయత్నించవచ్చు. వాట్సాప్‌లో తిరిగే కాపీలను అది ఆపలేదు.

రిటైర్డ్ ఉపాధ్యాయుడు: నేను మొదట తొందరపడి తప్పుగా చదివాను, మన్నించండి. ఒక సంగతి మాత్రం అడగాలి. స్క్రీన్‌షాట్ ఎవరిచ్చారో ఉత్తరంలో రాయాలా? రాయకపోతే తల్లి తన ఫోను దొంగచాటుగా చూసిందనుకుంటాడు.

పలమనేరు మేనత్త: రాస్తే ఆ స్నేహితుడు ద్రోహి అయిపోతాడు. ఇలాంటి సమయంలో వాడికి ఉన్న ఒక్క తోడూ పోతుంది.

బడి కౌన్సిలర్ (తిరుపతి): నేనైతే ఆ తల్లిని ముందుగా అడిగి, "నీ మేలు కోరేవారి ద్వారా నాకు వచ్చింది, నీ ఫోను నేను తెరవలేదు" అని రాస్తాను. మాస్టారు ఒప్పుకోకపోవచ్చు.

రిటైర్డ్ ఉపాధ్యాయుడు: ఒప్పుకోను. సగం చెప్పిన నిజాన్ని పిల్లలు ఇట్టే పసిగడతారు.

బైరాగిపట్టెడ తల్లి: రాత్రి 10 గంటలకు ఉత్తరం మళ్లీ రాసి చేతికిచ్చాను. "నాన్నా, నిన్ను ఎవరో బెదిరిస్తున్నారని నాకు తెలిసింది. నీ ఫోను నేను తెరవలేదు, నీ మేలు కోరేవారు చెప్పారు. నీ మీద నాకు కోపం లేదు, నీకేమవుతుందోనని భయం ఉంది. ఫోను నీ దగ్గరే ఉంటుంది. నీకు ముందు చెప్పకుండా ఎవరికీ చెప్పను. చదివాక ఏమీ మాట్లాడకపోయినా సరే, నేను ఇక్కడే కూర్చుంటాను." అంతే రాశాను.

అరగంట గోడవైపు తిరిగి పడుకున్నాడు. తరువాత "రెండు వేలు నిన్ననే పంపేశానమ్మా" అన్నాడు. మిగతా డబ్బు కోసం స్నేహితుణ్ణి అడిగినప్పుడు పంపిన స్క్రీన్‌షాటే అది, కాబట్టి నేను పేరు చెప్పకముందే ఎవరిచ్చారో వాడికి తెలిసిపోయింది. ఆ ఒక్క విషయంలో మాస్టారి మాటే నిజమైంది. చనిపోవాలనిపించిందా అని అడిగితే, "నిన్న అనిపించింది, ఇప్పుడు లేదు" అన్నాడు. 14416 కు ఇద్దరం కలిసి మాట్లాడాము. 1930 కు చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాము. రాత్రి వాడి గదిలోనే చాప వేసుకుని పడుకున్నాను.

ఆ స్నేహితుడితో మాట్లాడనని పట్టుబట్టి కూర్చున్నాడు. మా వారు బెంగుళూరు నుంచి శనివారం వస్తారు. ఆయనకు తానే చెబుతానంటున్నాడు, కానీ నోటితో కాదట, ఉత్తరం రాస్తాడట. ఆయన కోపిష్టి. ముందుగా నేను ఆయనతో మాట్లాడితే, పిల్లవాడికి ఇచ్చిన మాట తప్పినట్లవుతుందా?