172 పేజీల నోటుబుక్కు వివరం ఎలా రాయాలి?

మాది చిన్న స్టేషనరీ దుకాణం. ఈ మధ్య ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నాం. సింగిల్ రూలు లాంగ్ నోటుబుక్కుకు "172 పేజీలు, 54 జీఎస్ఎం, మధ్యలో పిన్నులు" అని రాశాను. ఒకాయన లోపలి కాగితాలు లెక్కపెట్టి, 84 ఉన్నాయి కాబట్టి 168 పేజీలేనని తిప్పి పంపారు. ఆయన లెక్క సరైనదే. తయారీదారు అట్ట నాలుగు వైపులనూ కలిపి 172 అని వేశాడు. ఆ మాట వెనుక అట్ట మీద చీమల బారులాంటి అక్షరాల్లో ఉంది, ఎవరు చదువుతారు!

"రాసుకోవడానికి 168 పేజీలు, అట్టతో కలిపి 172" అంటే సరిపోతుందా? లేక అట్ట మీది అంకెనే ముందు పెట్టాలా?

ఇంకొకటి. ఈ కాగితం మీద ఇంకు పెన్నుతో రాస్తే అక్షరాలు వెనకవైపు కనిపిస్తున్నాయి, బాల్ పెన్నుతో ఇబ్బంది లేదు. జీఎస్ఎం తెలియని తల్లిదండ్రులకు ఆ సంగతి మీరు ఏ మాటల్లో చెబుతున్నారు?