ప్రైవేట్ కంపెనీలో వాటా అమ్మనివ్వకపోతే పబ్లిక్ లిమిటెడ్‌గా మార్చడమే దారా?

మిర్చియార్డు: గుంటూరులో మా కోల్డ్ స్టోరేజీ ప్రైవేట్ లిమిటెడ్. ఐదుగురు వాటాదార్లం, మొత్తం 10,000 షేర్లు, నావి 2,000. బయటి వ్యక్తి షేరుకు 500 ఇస్తానంటున్నాడు, డైరెక్టర్లు కుదరదంటున్నారు. పబ్లిక్ చేయిస్తే నా షేర్లు నా ఇష్టమే కదా?

బుల్‌రన్: అంతే అన్నా. పబ్లిక్ అయితే మార్కెట్లో ఎవరికైనా అమ్మేయొచ్చు. ప్రైవేట్‌లో షేరు బయటికి పోదు, లెక్కలూ బయటపడవు.

పద్దుపుస్తకం: బుల్‌రన్ గారూ, పబ్లిక్ అయినంత మాత్రాన స్టాక్ ఎక్స్‌చేంజీలో లిస్ట్ అయినట్టు కాదు. లిస్ట్ కాని పబ్లిక్ కంపెనీలో షేరు బదిలీకి స్వేచ్ఛ ఉంటుంది గానీ, కొనేవాణ్ని మనమే వెతుక్కోవాలి. లెక్కల మాటా సగమే నిజం. ప్రైవేట్ కంపెనీ కూడా ఏటా కంపెనీల రిజిస్ట్రార్‌కు, అంటే ఆర్‌ఓసీకి, బ్యాలెన్స్ షీటు పంపాలి, రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. మూడు నెలలకోసారి ఫలితాలు చెప్పాల్సింది లిస్టెడ్ కంపెనీలే.

మిర్చియార్డు గారూ, కంపెనీని మార్చాలంటే ఆర్టికల్స్, అంటే కంపెనీ నియమావళి, సవరించాలి. అందుకు పోలైన ఓట్లలో 75 శాతం కావాలి, మీ చేతిలో ఉన్నది 20. పబ్లిక్‌కు కనీసం ఏడుగురు సభ్యులు, ముగ్గురు డైరెక్టర్లు కూడా ఉండాలి.

అందుకని ముందు ఆర్టికల్స్ తీసి బదిలీ క్లాజు చదవండి. చాలావాటిలో ‘ముందు పాత వాటాదార్లకే ఇవ్వజూపాలి’ అని ఉంటుంది. అలా ఉంటే అదే ధరకు రాతపూర్వకంగా అడగండి, గడువు దాటేదాకా ఆగండి. ఈ మెట్టు దాటేసి నేరుగా అమ్మబోయినవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు. ఎవరూ తీసుకోకపోతే షేరు బదిలీకి వాడే ఎస్‌హెచ్-4 ఫారం రాసి, సంతకాలైన 60 రోజుల్లోపు షేర్ సర్టిఫికెట్‌తో కలిపి కంపెనీకి ఇవ్వండి. పది లక్షల అమ్మకానికి 0.015 శాతం చొప్పున స్టాంపు డ్యూటీ 150 రూపాయలే. మీది చిన్న కంపెనీ పరిమితి దాటితే మాత్రం షేర్లు ముందు డీమ్యాట్ చేయాలి.

బోర్డు కాదంటే 30 రోజుల్లో కారణాలతో నోటీసు పంపాలి. నోటీసు అందిన 30 రోజుల్లో, అసలు రాకపోతే ఫారం ఇచ్చిన 60 రోజుల్లో కంపెనీ వివాదాలు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో అప్పీలు వేయొచ్చు. అయితే వేయాల్సింది మీరు కాదు, కొన్నాయన.

అన్నదమ్ములం: మాకు ఆర్టికల్స్‌లో ఏమీ లేదు, ‘బయటివాళ్లకు అమ్మం’ అని అన్నదమ్ములం విడిగా రాసుకున్నాం. అది చెల్లదా?

పద్దుపుస్తకం: రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ప్రైవేట్ కంపెనీలో ఆర్టికల్స్‌లో లేని ఆంక్ష కంపెనీనీ, వాటాదార్లనీ కట్టడి చేయదు. దాన్ని ఆర్టికల్స్‌లోకి ఎక్కించుకోండి.

మిర్చియార్డు: ఆర్టికల్స్ చూశాను సార్. ముందు మావాళ్లకే ఇవ్వజూపాలట. ధర ఆడిటర్ కడతాడట, 500 అని లేదు. పైగా కొనే ఆయనకు పక్క ఊళ్లో కోల్డ్ స్టోరేజీ ఉంది.

బుల్‌రన్: పోటీదారుడైతే బోర్డు కాదనడం న్యాయమే కదా?

పద్దుపుస్తకం: ఆ ఒక్క కారణం నిలబడుతుందని నేననుకోను, 20 శాతంతో ఆయన బోర్డును శాసించలేడు. కానీ పోటీదారుణ్ని కాదనొచ్చని క్లాజులోనే ఉంటే కథ వేరు. ఆ వాక్యం యథాతథంగా ఇక్కడ పెట్టండి.