అప్‌డేట్: బావి నీటిమట్టం బ్యాండ్ ఇప్పుడు నమ్మేలా ఉంది

నా ప్రశ్న: "శ్రీకాకుళం దగ్గర మా బావి నీటిమట్టానికి, కొలతల మధ్య రోజుల్లో మట్టాన్ని అంచనా వేసే గాసియన్ ప్రాసెస్ మోడల్ వేశాను. 40 రోజులు కొలతలే లేని చోట కూడా అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చూపే బ్యాండ్ ఇంత సన్నగా ఎందుకొస్తోంది?"

మీరు చెప్పినట్టే, కిటుకంతా ఆర్‌బీఎఫ్ కెర్నల్ లెంగ్త్ స్కేల్‌లో ఉంది. రెండు రోజుల మట్టాలు ఎంత దగ్గరగా ఉంటాయో చెప్పే ఫార్ములా కెర్నల్, ఆ పోలిక ఎన్ని రోజుల దాకా నిలుస్తుందో చెప్పేది లెంగ్త్ స్కేల్. అది 200 రోజులుగా పెట్టి ఉంది. అలా ఉంటే 20 రోజుల అవతలి కొలతతో కూడా సహసంబంధం 0.995. అందుకే ఖాళీ నడిమధ్యన కూడా మోడల్‌కి అంత ధీమా. డేటాను బట్టే ఎంచుకోనిస్తే 10 రోజులొచ్చింది. అదే దూరానికి సహసంబంధం 0.14కి పడిపోయింది. బ్యాండ్ అక్కడ బాగా విచ్చుకుంది, అంచనా సగటు వైపు జారింది.

టేపు కొలతల్లో వచ్చే చిన్న తేడాల కోసం `WhiteKernel` కలిపాను. అది లేకపోతే గీత ప్రతి చుక్కనూ తాకాలని వంకర్లు పోతుంది.

కొన్ని కొలతలు దాచిపెట్టి చూశాను. ఇదివరకు చాలావరకు 95% బ్యాండ్ బయట పడేవి, ఇప్పుడు దాదాపు అన్నీ లోపలే. పెద్ద వానకి మట్టం అమాంతం లేచిన రోజులే ఇంకా అందడం లేదు. వాటికి గీత అంత నునుపుగా ఉండాలని పట్టుబట్టని మాటెర్న్ కెర్నల్ వేసి చూస్తాను.