చాక్లెట్ ఆశ చూపి, ఫోను పెట్టి తినిపించడం తప్పా? రెండేళ్ల పిల్లల తిండి గొడవ

హన్మకొండ అమ్మ:
మా బాబుకు రెండేళ్ల మూడు నెలలు. పెరుగన్నం, బిస్కెట్లు, పాలు తప్ప ఏదీ ముట్టడు. కూర కనిపిస్తే చాలు, పళ్లెం తోసేస్తాడు. మా అత్తమ్మ ఫోనులో పాటలు పెట్టి, "ఈ ముద్ద తింటే చాక్లెట్ ఇస్తా" అని తినిపిస్తారు. నేను వద్దంటాను. అలా పెట్టకపోతే పిల్లవాడు చిక్కిపోతాడని ఆమె అంటారు. ఎవరిది సరి? పుట్టినప్పుడు 2.8 కిలోలు, మొదటి పుట్టినరోజుకు 8.8, ఇప్పుడు 11. పాలు రోజుకు నాలుగు సీసాలు తాగుతాడు.

నర్సంపేట నానమ్మ:
అమ్మా, మీ అత్తగారిని తప్పు పట్టకు. చందమామను చూపించి, కథ చెప్పి గోరుముద్దలు పెట్టి పెంచిన పిల్లలే మనమంతా. రెండేళ్ల పసివాడికి తన ఆకలి తనకేం తెలుస్తుంది? అడిగి పెట్టకపోతే ఆటలో పడి మరిచిపోతాడు. ఫోను మాత్రం నాకూ నచ్చదు. చాక్లెట్ అంటావా, ఒక చిన్న ముక్కతో కడుపు నిండా అన్నం తింటే నష్టమేమిటి?

జనగామ నాన్న:
అక్కా, ఒక పూట ఏమీ పెట్టకుండా ఉంచండి. ఆకలేస్తే అన్నీ తింటాడు. మా పాపకు అలాగే అలవాటు చేశాం. ఇప్పుడు కొత్త కూర రుచి చూస్తే గోడ మీది కాగితంపై ఒక నక్షత్రం అంటిస్తాం. చాక్లెట్ కంటే అది వంద రెట్లు నయం.

కాజీపేట పోషణ సలహాదారు:
నేను పిల్లల తిండి సమస్యలే చూస్తుంటాను. ముందు పాల సంగతి చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ ఇంట్లో గొడవ కూర దగ్గర కనిపిస్తున్నా మొదలైంది సీసా దగ్గర. సీసాకు 240 మిల్లీలీటర్లు అనుకుంటే నాలుగు సీసాలంటే దాదాపు లీటరు. ఆవు పాలే అయినా అందులో 600 కేలరీలకు పైగా ఉంటాయి. ఈ వయసు పిల్లవాడికి రోజు మొత్తానికి కావలసింది సుమారు వెయ్యి. గేదె పాలైతే ఆ వెయ్యికి దగ్గరగా పాలతోనే వచ్చేస్తుంది. పైన బిస్కెట్లు. ఇక సొరకాయ కూరకు చోటెక్కడ? పాలలో ఇనుము చాలా తక్కువ, పైగా మిగతా తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఇనుము తగ్గిన పిల్లలకు ఆకలి మందగిస్తుంది. ఆకలి లేదని ఇంట్లో ఇంకో సీసా ఇస్తారు. అలా అది సుడిలా తిరుగుతూనే ఉంటుంది.

ఇంకోటి, మొదటి ఏడాదిలో ఆరు కిలోలు పెరిగినవాడు ఆ తర్వాత పదిహేను నెలల్లో రెండు కిలోలకు కొంచెం పైన పెరిగాడు. ఇది సహజమే. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. అత్తమ్మగారికి కనబడే "తినడం లేదు" అన్న మాటలో సగం ఇదే.

సీసా తీసేసి గ్లాసుతో ఇవ్వండి, రోజుకు 400 మిల్లీలీటర్లు దాటకుండా. ఒకేసారి కాకుండా రెండు వారాల్లో తగ్గించండి. తినే వేళలు ఉజ్జాయింపుగా ఎనిమిదికి, పదిన్నరకు, ఒంటిగంటకు, నాలుగున్నరకు, రాత్రి ఏడున్నరకు. మధ్యలో నీళ్లు మాత్రమే. పళ్లెంలో అతనికి ఇష్టమైన పెరుగన్నం తప్పక ఉండాలి. దాని పక్కన మీరు తినే కూర, శనగగింజంత. తినమని అనకండి, మెచ్చుకోకండి, తినలేదని మొహం చిన్నబుచ్చుకోకండి. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట అయ్యాక పళ్లెం తీసేయండి. ఏం, ఎప్పుడు, ఎక్కడ అన్నది మీ ఇష్టం. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది అతని ఇష్టం.

జనగామ నాన్నగారూ, వేళల మధ్య ఆకలి కానివ్వాలన్నది నిజమే, కానీ పూట మాన్పించడం వేరు. అది శిక్ష అవుతుంది. రక్తం తక్కువైన పిల్లవాడు ఆకలేసినా తినకపోవచ్చు.

నర్సంపేట నానమ్మ:
గోరుముద్ద కూడా బలవంతమేనా, అమ్మా?

కాజీపేట పోషణ సలహాదారు:
కాదు పెద్దమ్మా. చేత్తో పెట్టడంలో తప్పు లేదు. నోరు తెరిచి ముందుకు వంగితే పెట్టండి. మొహం తిప్పాడా, పెదవులు బిగించాడా, ముద్ద బుగ్గలో దాచుకున్నాడా, అక్కడితో సరి. ఆ తర్వాతి ముద్దే బలవంతం. ఫోను పెడితే ఈ గుర్తులు అతనికే తెలియవు, మనకూ కనబడవు. అక్షరాలు నేర్చుకునే వయసుకు ముందే "చాలు" అన్న సంగతి ఒంటికి తెలుస్తుంది.

చాక్లెట్ విషయంలో పరిశోధనలున్నాయి. లియాన్ బర్చ్ బృందం 1984లో ప్రచురించిన పనిలో, ఒక పానీయం తాగితే బహుమతి ఇస్తామని చెప్పిన చిన్న పిల్లలకు ఆ తర్వాత ఆ పానీయం మీదే ఇష్టం తగ్గింది. "తాగెయ్, తాగెయ్" అని వెంటపడిన సూపు పిల్లలు తక్కువ తాగారని 2006లో ఇంకో పని చూపింది. కూర అనేది చాక్లెట్ కోసం భరించాల్సిన కష్టమని మనమే నేర్పుతున్నాం.

జనగామ నాన్న:
మరి నా నక్షత్రాల సంగతి? వాటి మీద కూడా పరిశోధన ఉంది కదా, పనిచేసిందని.

కాజీపేట పోషణ సలహాదారు:
ఉంది, ఒప్పుకుంటాను. 2011లో వచ్చిన దానిలో రోజూ ఒక చిన్న ముక్క రుచి చూసినందుకు స్టిక్కర్ ఇస్తే ఇష్టం తగ్గలేదు, తినడం పెరిగింది. అయితే వాళ్లు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు, బహుమతి తినే వస్తువు కాదు, అడిగింది ఒక్క ముక్క. రెండేళ్లవాడికి నేనైతే సలహా ఇవ్వను. మీ పాప వయసెంత?

జనగామ నాన్న:
నాలుగున్నర. నాకు మాత్రం రెండేళ్లకైనా తేడా ఏమీ ఉండదనిపిస్తుంది. ఇంట్లో పని జరిగితే చాలు.

పరకాల చెల్లి:
మా పాపకు పది నెలలు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం జావ మొహం తిప్పేస్తోంది. నక్షత్రాలు పెట్టమంటారా?

కాజీపేట పోషణ సలహాదారు:
ఈ చర్చ రెండేళ్ల పైవాళ్ల గురించి. పది నెలలకు అవేవీ వద్దు. జావ చిక్కగా చేసి, మీరు తినే పప్పన్నం మెత్తగా మెదిపి, దానితో పాటు చూపించండి.

నర్సంపేట నానమ్మ:
సొరకాయను సర్వపిండిలో తురిమి కలిపితే పిల్లలు ఇష్టంగా తింటారు. అది మోసమా?

కాజీపేట పోషణ సలహాదారు:
మంచి వంట. పల్లీలు మాత్రం పొడి చేసి వేయండి. నాలుగేళ్ల లోపు పిల్లలకు గింజ గొంతుకు అడ్డుపడుతుంది. అయితే సొరకాయ ఉందని చెప్పే పెట్టండి, అతని చేతే తురుము పిండిలో వేయించండి. దాచిపెట్టి తినిపిస్తే కడుపులోకి వెళుతుందే కానీ సొరకాయ అంటే భయం పోదు. చూడటం, ముట్టుకోవడం, వాసన చూడటం, నాకి ఉమ్మేయడం, ఇవన్నీ తినడానికి మెట్లే. ఒక్కో కూర పది, పదిహేను సార్లు కంటపడ్డాక గానీ కొందరు నోట్లో పెట్టరు. మూడోసారికే "వీడికి ఇష్టం లేదు" అని మానేయడం వల్లే ఎక్కువ ఇళ్లలో కూరలు తగ్గిపోతాయి.

హన్మకొండ అమ్మా, ఒకసారి రక్తం పరీక్ష చేయించండి. ముక్కలు నమలబోతే ప్రతిసారీ ఓకరించినా, ఇప్పటిదాకా తిన్నవి ఒక్కొక్కటే మానేస్తున్నా, మట్టి తింటున్నా, తల్లీబిడ్డల కార్డులోని బరువు గీత కిందికి జారుతున్నా ఆలస్యం చేయవద్దు.

హన్మకొండ అమ్మ:
పరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. డాక్టరుగారు ఇనుము చుక్కలు రాశారు. పాలు రెండు గ్లాసులకు తెచ్చాం. రాత్రి ఆకలితో లేస్తాడని అత్తమ్మ భయపడితే, ఆ రెండో గ్లాసు పడుకునే ముందుకు మార్చాం. నిన్న అతను చిక్కుడుకాయ తుంచాడు, ఒక ముక్క నాకి నా పళ్లెంలో పెట్టాడు. బెండకాయ రెండు ముక్కలు తిన్నాడు. అత్తమ్మ అది మందు వల్లేనంటున్నారు. మా ఆయన పాలు తగ్గించడం వల్లనంటున్నారు.

కాజీపేట పోషణ సలహాదారు:
రెండూ ఒకేసారి మొదలుపెట్టారు కాబట్టి ఏది ఎంత అని నేనూ చెప్పలేను. ఆ వయసుకు హిమోగ్లోబిన్ 11 ఉండాలి, కాబట్టి మందు ఆపకండి. పాలతో కలిపి ఇవ్వకండి, ముందూ వెనకా గంట ఎడం ఉంచండి. మలం నల్లగా వస్తే కంగారు పడవద్దు.

నర్సంపేట నానమ్మ:
మందు వల్లే. ముద్ద విషయంలో మాత్రం నువ్వు చెప్పినట్టు మనవరాలి దగ్గర చూస్తాను. పెదవులు బిగించాక ఆపడం నాకు కష్టమే.