5 హెచ్‌పీ మోటారు లెక్క: తప్పు జవాబుదా, ప్రశ్నదా?

రాజోలు అమ్మ: మా ఇంటర్ పిల్లాడి లెక్క. "5 హెచ్‌పీ మోటారు కాలవ నీటిని 6 మీటర్ల ఎత్తుకు, 10 సెం.మీ. వ్యాసమున్న పైపుతో తోడుతోంది. నిమిషానికి ఎన్ని లీటర్లు?" ట్యూషన్‌లో ఇలా చేశారు:

Q = P/(ρgh) = 3730/(1000 × 9.8 × 6) = 0.0634

"సెకనుకు 0.0634 లీటర్లు, నిమిషానికి 3.8 లీటర్లు." సరేనా అండీ?

అమలాపురం కుర్రాడు: మా వంటింటి కుళాయే ఇంతకన్నా ఎక్కువ పోస్తుంది 😀

పాలకొల్లు రైతు: మన డెల్టాలో కాలవకీ చేనుకీ 6 మీటర్లేంటండీ? ఆ లెక్క రాసినాయన ఇటు వచ్చాడా ఎప్పుడైనా?

భీమవరం ఇంజినీర్: సాంద్రతను ఘనపు మీటరుకు 1000 కిలోలని వేశారు. అలాంటప్పుడు వచ్చే 0.0634 ఘనపు మీటర్లే, లీటర్లు కాదు. సెకనుకు 63.4 లీటర్లు, నిమిషానికి దాదాపు 3,800. వెయ్యి రెట్లు తేడా.

తణుకు మాస్టారు: అదలా ఉంచండి. 3730 అంటే 5 × 746. హెచ్‌పీకి 746 వాట్లని ఎందుకు వేశారు? మెట్రిక్ హెచ్‌పీ అంటే 735.5 వాట్లు. ముందు అది దిద్దాలి.

భీమవరం ఇంజినీర్: మాస్టారూ, ఆ తేడా ఒకటిన్నర శాతం కూడా లేదు.

తణుకు మాస్టారు: ప్రమాణం తప్పితే తప్పే. చిన్నదా పెద్దదా అని చూడం.

పాలకొల్లు రైతు: 3,800 లీటర్లా! నాదీ 5 హెచ్‌పీయే. అందులో సగమైనా పోస్తే ఎప్పుడో చేను నిండేది. షాపువాడు తక్కువ మోటారు అంటగట్టాడని నా అనుమానం.

భీమవరం ఇంజినీర్: మోటారును తిట్టకండి. కరెంటు శక్తంతా నీటికి చేరదు, పైపు గోడల రాపిడికీ కొంత పోతుంది. ఈ సాధనలో ఆ రెండూ లేవనుకున్నారు, ఎక్కడా చెప్పలేదు. అంతకన్నా పెద్దది వ్యాసం. ఇచ్చారు, వాడలేదు. 63.4 లీటర్లు ఆ పైపులోంచి రావాలంటే వేగం సెకనుకు 8 మీటర్లు. అప్పుడు కిలో నీటికి గతిశక్తి దాదాపు 32 జౌళ్లు. పైకెత్తడానికి పట్టేది 58.8. అంటే వదిలేసింది సగానికి పైనే! గతిశక్తిని కూడా కలిపి, రాపిడి లేకుండానే చేసినా సెకనుకు 48 లీటర్లే వస్తాయి, నిమిషానికి 2,900 లోపు.

తణుకు మాస్టారు: ఇంటర్ పిల్లాడు ఘన సమీకరణం సాధించాలా? పరీక్షలో చెప్పనిదంతా ఆదర్శమే అనుకోవాలి. నలభై మందికి దిద్దేవాడికి తెలుస్తుంది ఆ బాధ. మీరు కుర్చీలో కూర్చుని ఎన్నైనా చెబుతారు.

భీమవరం ఇంజినీర్: అనుకోండి, వద్దనను. "గతిశక్తిని వదిలేశాం" అని ఒక్క వాక్యం రాయమంటున్నాను. రాపిడి గురించి ప్రశ్న ఏమీ చెప్పలేదు, దాన్ని వదిలేయొచ్చు. వ్యాసం చెప్పింది. చెప్పినదాన్ని కూడా వదిలేస్తే అది ఆదర్శం ఎలా అవుతుంది?

తణుకు మాస్టారు: తికమక పెట్టడానికి అక్కర్లేని అంకెలిస్తారు. ఏది వదలాలో తెలియడమే పరీక్ష.

అమలాపురం కుర్రాడు: అయితే వదలొచ్చని లెక్క వేసి తేల్చుకోవాలి కదా సార్, ఊహిస్తే ఎలా?

రాజోలు అమ్మ: ట్యూషన్‌లో అడిగించాను. లీటర్ల దగ్గర దిద్ది పంపారు. వ్యాసం ఎందుకిచ్చారంటే "పుస్తకంలో ఉంది" అన్నారట.