కాలేజీ దగ్గరుంటే జీతం: ఐవీ అంకె ఎందుకు పెద్దదో సోషియాలజీ విద్యార్థికి ఎలా చెప్పాలి?

ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ వాడిన అమెరికా డేటా ఉదాహరణగా చెబుతున్నాను: 3,010 మంది యువకులు, 1976 నాటి జీతాలు. మామూలు రిగ్రెషన్‌లో ఏడాది చదువుకు జీతం సుమారు 7.5 శాతం ఎక్కువ. కానీ సహజమైన తెలివితేటలు చదువునీ జీతాన్నీ రెండింటినీ పెంచుతాయి. అందుకే ఊళ్లో నాలుగేళ్ల కాలేజీ ఉందా లేదా అన్నది ఇన్‌స్ట్రుమెంట్, అంటే తెలివితో సంబంధం లేకుండా చదువు ద్వారా మాత్రమే జీతాన్ని కదిలిస్తుందనుకునే అంశం.

ఇక్కడిదాకా తేలిగ్గానే అర్థమవుతోంది. జాతి, ప్రాంతం, నగరవాసం వగైరా లెక్కలోకి తీసుకున్నాక, కాలేజీ దగ్గరున్నవాళ్లు 0.32 ఏళ్లు ఎక్కువ చదివారు, జీతం సుమారు 4.2 శాతం ఎక్కువ. 0.042ని 0.32తో భాగిస్తే ఏడాదికి 13 శాతం, ఇదే ఇన్‌స్ట్రుమెంట్‌తో వచ్చిన ఐవీ అంకె.

చిక్కంతా ఆ 13తోనే. తెలివి ప్రభావం తీసేస్తే అంకె తగ్గాలి కదా, పెరిగిందేం?

దూరమైతే చదువు మానేసే పేదింటి పిల్లలకు మాత్రమే వర్తించే ఫలితం ఇది అనొచ్చు. కాలేజీ ఉన్న ఊళ్లో జీతాలే ఎక్కువేమో, అప్పుడు ఇన్‌స్ట్రుమెంటే చెల్లదు. పైగా ఆ 13కి స్టాండర్డ్ ఎర్రర్ 0.055, అంటే 5.5 పాయింట్లు; అటూ ఇటూ రెండు స్టాండర్డ్ ఎర్రర్ల పరిధి తీసుకుంటే 7.5 కూడా అందులోనే ఉంది.

పాఠం చెప్పేవాళ్లు ఈ మూడింట్లో దేనితో మొదలుపెడతారు? సూత్రాలు లేకుండా బోర్డు మీద చూపే పద్ధతి ఉంటే దయచేసి చెప్పండి.